మాట మళ్లీ చెప్పించినా ఇల్లు మారకూడదు

భూదాన్ పోచంపల్లిలో ఒక పెద్దాయన ఇంట్లో ఎనిమిది నిమిషాల డాక్యుమెంటరీ తీశారనుకుందాం. తీసింది హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి. గుంట మగ్గం అంచున కూర్చుని ఆయన నూలు పోగులను ఎక్కడెక్కడ బిగించి కడతారో, రంగులో ఎన్నిసార్లు ముంచుతారో చేతులతో చూపిస్తూ చెప్పారు. చొక్కా లోపల కాలర్ మైకు పెట్టారు. షూటింగ్ జరుగుతున్నంతసేపూ ఎవరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినలేదు. తిరిగొచ్చి చూసుకుంటే బొమ్మ చక్కగా వచ్చింది. మాటల్లో మాత్రం రెండు నిమిషాలు పనికిరాకుండా పోయాయి. ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా గుడ్డ మైకుకు రాసుకుని గరగరమంది. చేతులతో చూపిస్తూ చెప్పినవే సినిమాకు అసలైన మాటలు, పాడైనవీ అవే.

ఆ అమ్మాయి పెద్దాయనతో ఆ మాటలే మళ్లీ చెప్పించి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసి, బొమ్మ మీద అతికించింది. ఇప్పుడు ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. అయినా చూసినవాళ్లందరికీ ఏదో తేడాగా ఉంది. ఎక్కడ అని అడిగితే చెప్పలేరు. జరుగుతున్నది ఇది: పాత మాట వినిపించినంతసేపూ దాని వెనుక ఇల్లు ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, పక్కింటి మగ్గం దూరంగా కొట్టుకుంటోంది, వాకిట్లో పిచ్చుకలున్నాయి. కొత్త మాట మొదలవగానే అవన్నీ ఒక్కసారిగా మాయమవుతున్నాయి. మళ్లీ పాత మాట రాగానే తిరిగొస్తున్నాయి. తెర మీద మనిషి కదలకుండా అక్కడే కూర్చుని ఉన్నాడు, ఆయన చుట్టూ ఉన్న ఇల్లు మాత్రం వచ్చిపోతోంది.

గదిలో ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ దాని చప్పుడు మనకు పట్టదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన క్షణంలో పుస్తకంలో మునిగిపోయినవాళ్లు కూడా తల ఎత్తుతారు. నిలకడగా ఉన్న చప్పుడును మెదడు పక్కన పెట్టేస్తుంది కానీ, అందులో మార్పు వస్తే వెంటనే పట్టుకుంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు ఒక చోట ఉండే ఈ నిలకడైన చప్పుడునే సౌండ్ పనివాళ్లు రూమ్ టోన్ అంటారు. ప్రతి గదికీ దాని టోన్ దానిదే. పెంకుటింట్లో ఒకలా, స్లాబు ఇంట్లో ఇంకోలా ఉంటుంది. అదే గదిలో కిటికీ మూస్తే కూడా మారుతుంది.

దీన్ని అంకెల్లో చూస్తే సులువుగా అర్థమవుతుంది. డిజిటల్ రికార్డింగులో అన్నిటికన్నా పెద్ద చప్పుడు సున్నా డెసిబెల్స్. దానికన్నా చిన్నవన్నీ మైనస్ అంకెలు. పెద్దాయన మాట మైనస్ 20 దగ్గర నడుస్తోందనుకోండి. మాటకూ మాటకూ మధ్య ఆ ఇంటి టోన్ మైనస్ 50 దగ్గర ఉంది. కొత్తగా రికార్డు చేసిన గదిలో అది మైనస్ 65. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెడితే, కట్ పడిన ప్రతిచోటా నేపథ్యం 15 డెసిబెల్స్ కిందికి జారి మళ్లీ పైకి లేస్తుంది. ఇక కొత్త వాక్యాల మధ్య ఎడిటింగ్‌లో ఖాళీ జాగా వదిలితే అక్కడ మైనస్ 65 కూడా ఉండదు. ఏమీ లేని శూన్యం ఉంటుంది. అలాంటి నిశ్శబ్దం మనుషులు తిరిగే చోట ఎక్కడా ఉండదు, అందుకే చెవి దాన్ని నిశ్శబ్దంగా తీసుకోదు, సౌండ్ ఆగిపోయిందనుకుంటుంది.

అయితే మళ్లీ చెప్పించడానికి ముందు, పాత రికార్డింగ్ నిజంగా చచ్చిపోయిందా లేదా అన్నది తేల్చుకోవాలి. గాలి చప్పుడు ఎక్కువగా కింది స్థాయిలో, బరువుగా ఉంటుంది. మగ గొంతు దాదాపు 100 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి, హై పాస్ ఫిల్టర్‌తో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తే మెల్లని గాలి చాలావరకు పోతుంది, మాట మిగులుతుంది. కరెంటు హమ్ కూడా బతికించగలిగేదే. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపులైన 100, 150 దగ్గరా ఉంటుంది. ఆ సన్నని గీతలను మాత్రమే తీసేయొచ్చు. గుడ్డ రాపిడి కథ వేరు. అది కింది నుంచి పైదాకా అన్ని స్థాయిల్లోనూ పరుచుకుంటుంది, పైగా సరిగ్గా మాట ఉన్నచోటే పడుతుంది. మైకు తట్టుకోలేనంత గట్టిగా మాట్లాడినప్పుడు ధ్వని తరంగం పైభాగం తెగిపోయి వచ్చే పగులు కూడా అంతే. కొద్దిగా తెగితే సాఫ్ట్‌వేర్ పూడుస్తుంది, బాగా తెగితే పూడ్చలేదు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నాయిస్ రిడక్షన్ వేసి, స, శ, చ, ఫ వంటి అక్షరాల మీద చెవి పెట్టండి. అవి పలచగా, ఊపిరితో పలికే అక్షరాలు. రాపిడి చప్పుడూ అలాంటిదే కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. ‘చీర’ అన్న మాట ‘ఈర’లా వినిపించిందంటే, అచ్చుల వెనుక బుడబుడమనే లోహపు శబ్దం తోడైందంటే, ఇక ఆ వాక్యాన్ని వదిలేయాలి. చాలామంది ఇక్కడే పట్టు విడవరు. ఇంకాస్త శుభ్రం చేస్తే వచ్చేస్తుందన్న ఆశతో మూడు నాలుగు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి వేస్తారు. చివరికి ఆ గొంతు మనిషిది కాకుండా పోతుంది. రెండు నిమిషాలు మళ్లీ చెప్పించడానికి పట్టే శ్రమ దానికన్నా తక్కువ.

మళ్లీ చెప్పించడంలో రెండు దారులు. పెదవులకు సరిగ్గా అతికేలా చెప్పించడం ఒకటి, అంటే మన సినిమా డబ్బింగ్. అది నటులకు సాధన ఉన్న పని. నేతపని చేసే పెద్దాయనను హెడ్‌ఫోన్స్‌తో కూర్చోబెట్టి తన పెదవుల వెంట తననే పరుగెత్తమనడం అన్యాయం, ఫలితం కూడా రాదు. రెండోది, వాయిస్ ఓవర్. మాట నడుస్తుండగా బొమ్మలో ఆయన ముఖం బదులు ఆయన చేతులు, పోగులకు కట్లు కట్టడం, రంగు తొట్టి, ఆరేసిన నూలు చూపిస్తారు. డాక్యుమెంటరీకి ఇదే సరైన దారి. ఒక్క షరతు ఉంది. పాత రికార్డింగులో బాగున్న వాక్యం ఒకటైనా, నాలుగైదు సెకన్ల పాటు, ముఖం కనిపిస్తుండగా ముందు వినిపించాలి. ఆ గొంతు ఆ ముఖానిది అని ప్రేక్షకుడికి ఒకసారి కుదిరితే, తర్వాత చేతులు చూపిస్తున్నప్పుడు వచ్చే మాట కూడా అక్కడి నుంచే వస్తున్నట్టు నమ్ముతాడు.

ఇప్పుడు పెద్దాయనతో చెప్పించడం. పాత రికార్డింగులో ఆయన అన్నది ఇలా ఉంది: “గీ మగ్గం మా నాయిన ఏసింది బిడ్డా. నేను పదేండ్ల పోరనిగున్నప్పుడే గుంతల కూసున్న.” ఈ మాటలను కాగితం మీద రాసి చదవమని ఇస్తే ఏం జరుగుతుందో ఈ పని చేసినవాళ్లకు బాగా తెలుసు. ఆయన కళ్లజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని, “ఈ మగ్గం మా తండ్రిగారు ఏర్పాటు చేసినది” అంటారు. కాగితం చేతికి వస్తే మన పెద్దవాళ్లకు బడి గుర్తొస్తుంది, యాస పోతుంది. కాబట్టి కాగితం ఇవ్వకూడదు. పాడైన రికార్డింగే ఆయనకు వినిపించాలి. గరగరమన్నా ఆయన మాట ఆయనకు అర్థమవుతుంది. ఒక వాక్యం వినిపించి ఆపి, “తాతా, ఇదే మళ్లొకసారి నాకు చెప్పు” అని ఎదురుగా కూర్చుని అడగాలి. ఒక్కో వాక్యం మూడుసార్లు చెప్పించుకుంటే చాలు. నాలుగోసారికి అది అప్పజెప్పినట్టు తయారవుతుంది. అక్షరం అక్షరం అలాగే రావాలన్న పట్టుదల వద్దు. ముఖం కనిపించదు కాబట్టి “మా నాయిన” ముందొచ్చినా, “గీ మగ్గం” ముందొచ్చినా ఫరవాలేదు.

గొంతు స్థాయి కూడా చూసుకోవాలి. పక్కింటి మగ్గం చప్పుడులో మాట్లాడిన మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచి, మాటలు సాగదీసి మాట్లాడతాడు. చప్పుడు పెరిగితే గొంతు దానంతటదే పెరుగుతుందని ఫ్రాన్స్‌కు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లో రాశారు. ఆయన పేరుతోనే దాన్ని లొంబార్డ్ ప్రభావం అంటున్నారు. నిశ్శబ్దమైన గదిలో అదే మనిషి మెల్లగా మాట్లాడతాడు. వాల్యూమ్ పెంచినంత మాత్రాన మెల్లగా అన్న మాట గట్టిగా అన్న మాట అయిపోదు. గొంతు బిగువే వేరు. దీనికి చక్కని ఉపాయం, చెప్పించేటప్పుడు ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి షూటింగ్ నాటి మగ్గం చప్పుడు వినిపించడం. ఒక్క చెవికే చాలు. ఎవరూ చెప్పనక్కర్లేకుండా గొంతు ఆనాటి స్థాయికి చేరుకుంటుంది. షూటింగ్‌లో ఏ భంగిమలో కూర్చుని మాట్లాడారో అలాగే కూర్చోబెట్టాలి. కుర్చీలో వెనక్కి వాలితే ఊపిరి మారుతుంది, గొంతూ మారుతుంది.

ఎక్కడ రికార్డు చేయాలి? వెళ్లగలిగితే అదే ఇంటికి, అదే వేళకు, అదే మైకుతో వెళ్లాలి. మైకు అప్పుడు ఛాతీ మీద ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉండాలి, ఈసారి గుడ్డ రాసుకోకుండా టేపుతో అంటించాలి. ఇలా చేస్తే ఈ వ్యాసంలో చెప్పిన కష్టాల్లో సగం మాయమవుతాయి. వెళ్లలేకపోతే పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న చిన్న గది మంచిది. గోడల నుంచి శబ్దం తిరిగి కొట్టదు. ప్రతిధ్వని లేని మాటకు తర్వాత ప్రతిధ్వని కలపవచ్చు, ఉన్నదాన్ని తీయడం దాదాపు అసాధ్యం. పెద్దాయన ఊళ్లో ఉండి, అమ్మాయి రాలేని పరిస్థితి అయితే ఇంట్లో ఎవరైనా ఫోనులోని రికార్డర్‌తో చేసి పంపవచ్చు. కానీ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వద్దు, అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. రికార్డు చేసిన ఫైలును డాక్యుమెంటుగా పంపమనాలి.

కొత్త మాట చేతికొచ్చాక పాత వాక్యం ఒకటి, కొత్త వాక్యం ఒకటి వెంటవెంటనే వింటూ సరిపోల్చాలి. వరుస ముఖ్యం. ముందు స్థాయి సమానం చేయాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. ఆ తర్వాత గొంతు రంగు. ఛాతీ మీది మైకు గడ్డం కింద ఉంటుంది కాబట్టి దానికి పై స్థాయి మెరుపు తక్కువగా అందుతుంది. నోటికి దగ్గరగా పెట్టిన మైకు అయితే బరువు ఎక్కువగా పడుతుంది. ఈక్వలైజర్‌లో 150, 200 హెర్ట్జ్ ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, పైన కాస్త మెత్తబరిస్తే పాత గొంతుకు దగ్గరవుతుంది. చివరిది దూరం, అంటే గది ప్రతిధ్వని. షూటింగ్ రోజు ఆ గదిలో ఎవరైనా క్లాప్ కొట్టి ఉంటే, ఆ ఒక్క చప్పుడు ఎంతసేపు నిలిచిందో వింటే గది సంగతి తెలిసిపోతుంది. రివర్బ్‌లో చిన్న గది రకం ఎంచుకుని, వినిపించేదాకా పెంచి, అక్కడి నుంచి సగానికి తగ్గించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా వేసి పాడుచేసేది ఇదే.

గొంతు కుదిరింది. ఇల్లు ఇంకా రాలేదు. ఈ రెండో సగం మీద శ్రద్ధ పెట్టినవాళ్లు తక్కువ, అసలు పనితనం ఇక్కడే తెలుస్తుంది. మురికిగా ఉన్న పాత మాటను కొత్త మాటంత శుభ్రం చేయాలని చూడకూడదు. శుభ్రంగా ఉన్న కొత్త మాట కిందే ఆ ఇంటి చప్పుడు పరచాలి. రెండు షాట్లలో ఒకటి చప్పుడుగా, ఒకటి నిశ్శబ్దంగా ఉంటే ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉన్నదాన్నే చప్పుడు వైపు తీసుకురావాలి. కాస్త ఫ్యాన్ చప్పుడు ఉందని ఏ ప్రేక్షకుడూ లేచిపోడు. అది వస్తూ పోతూ ఉంటేనే సినిమా నుంచి బయటికొస్తాడు.

పోచంపల్లి షూటింగులో రూమ్ టోన్ విడిగా తీయలేదు. అప్పుడు దాన్ని ఉన్న ఫుటేజీలోంచే ఏరుకోవాలి. మంచి చోటు, కెమెరా ఆన్ చేశాక మొదటి ప్రశ్న అడిగేలోపు ఉన్న సెకన్లు. ఇంకోటి, చివరి మాట అయ్యాక “కట్” అనేలోపు ఉన్న సెకన్లు. కెమెరా అమ్మాయి ఫోకస్ సరిచేసుకుంటుండగా అందరూ మౌనంగా ఆగిన క్షణాలూ దొరుకుతాయి. వాక్యాల మధ్య అర సెకను ఖాళీలు పనికిరావు. వాటిలో ముందు మాట తోకా, తర్వాతి మాటకు పీల్చిన ఊపిరీ ఉంటాయి. మూడు నాలుగు సెకన్ల ముక్కలు నాలుగైదు దొరికితే చాలు. ఒక జాగ్రత్త అవసరం. కెమెరాలో ఆటోమేటిక్ గెయిన్ ఆన్‌లో ఉంటే, మాట ఆగిన వెంటనే కెమెరా తనంతట తాను సౌండ్ పెంచేస్తుంది. అలాంటి ఖాళీలోంచి ఏరుకున్న టోన్ మాట కింద ఉన్నదానికన్నా పెద్దగా ఉంటుంది. అందుకే అతికించే ముందు ప్రతి ముక్క స్థాయినీ మాట కింద ఉన్న టోన్‌తో పోల్చి సరిచేసుకోవాలి.

ఈ ఇంటికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పక్కింటి మగ్గం. ఫ్యాన్ చప్పుడును ఎక్కడ కోసి ఎక్కడ అతికించినా తెలియదు. మగ్గానికి లయ ఉంది. నాలుగు సెకన్ల ముక్కను ఇష్టమొచ్చినచోట కోసి తిప్పితే, ప్రతి నాలుగు సెకన్లకూ ఒక దెబ్బ ముందుగానో ఆలస్యంగానో పడుతుంది. చూసేవాళ్లు నేతపని తెలిసినవాళ్లయితే వెంటనే పట్టేస్తారు. దీనికి చప్పుడును రెండు పొరలుగా విడదీయాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఫ్యాన్, గాలి మాత్రమే ఏరి ఒక ట్రాక్ మీద నిలకడగా పరచాలి. మగ్గం దెబ్బలను, పిచ్చుకలను, వీధిలో పోయే బండిని ఇంకో ట్రాక్ మీద విడిగా పెట్టి, సహజమైన ఎడంతో నడిపించాలి. కుక్క అరుపు, హారన్ లాంటి గుర్తుపట్టే చప్పుళ్లు నిలకడ పొరలోకి రానివ్వకూడదు. అదే కుక్క అదే గొంతుతో ప్రతి పది సెకన్లకూ అరిస్తే అంతా బయటపడుతుంది. ముక్కలను కూడా ఒకే వరుసలో తిప్పకుండా మొదటిది, రెండోది, మూడోది, మళ్లీ మొదటిది, మూడోది, రెండోది అన్నట్టు కలగలపాలి.

ముక్కల అతుకుల దగ్గర క్రాస్‌ఫేడ్ వేస్తారు. ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరుగుతుంది. ఇక్కడ చాలామందికి అంతుబట్టని తప్పు జరుగుతుంది. అర సెకను క్రాస్‌ఫేడ్ వేసినా ప్రతి అతుకు దగ్గరా టోన్ ఒకసారి కుంగి లేచినట్టు వినిపిస్తుంది. కారణం లెక్కలో ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చప్పుళ్లను మధ్యలో చెరి సగం చేసి కలిపితే వచ్చేది నిండు చప్పుడు కాదు, దాదాపు 3 డెసిబెల్స్ తక్కువ. అందుకే రూమ్ టోన్‌కు, మధ్యలో రెండింటినీ సగంకన్నా కాస్త ఎక్కువగా ఉంచే రకం వాడాలి. ప్రీమియర్ ప్రోలో దాని పేరు `Constant Power`. దాని పక్కనే ఉండే `Constant Gain` వాడితేనే ఆ కుంగుడు వస్తుంది. ఒకే రికార్డింగును అదే చోట కోసి తిరిగి అతికించేటప్పుడు మాత్రం రెండోదే సరైనది.

టోన్ తయారయ్యాక దాన్ని ఎక్కడ పరచాలన్నది ఆలోచించాల్సిన విషయం. మొత్తం సన్నివేశం కింద ఒకే స్థాయిలో పరిచేస్తే, పాత మాట ఉన్నచోట దాని సొంత టోన్‌కు ఇది తోడై చప్పుడు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, కొత్త మాట దగ్గర మళ్లీ తగ్గుతుంది. పూడ్చాలనుకున్న గొయ్యి బాగా చిన్నదవుతుంది కానీ పూర్తిగా పూడదు. నాకు నచ్చిన పద్ధతి వేరు. పాత మాట క్లిప్పులను ఒక ట్రాక్ మీద, కొత్త మాటను రెండో ట్రాక్ మీద, టోన్‌ను మూడోదాని మీద పెట్టాలి. పాత క్లిప్పు మొదటి మాటకు ముందూ చివరి మాటకు తర్వాతా ఫుటేజీలో దొరికినంత మేర సాగదీయాలి. ఆ సాగిన భాగం సన్నగిల్లుతుండగా టోన్ ట్రాక్ పైకి రావాలి. కొత్త మాట మొత్తం ఆ టోన్ మీద నడుస్తుంది, తర్వాతి పాత క్లిప్పు వస్తుండగా టోన్ తప్పుకుంటుంది. అలా ఇల్లు ఎక్కడా తెగదు.

ఈ మార్పిడి బొమ్మ మారిన ఫ్రేమ్ మీదే పడకుండా చూడాలి. బొమ్మ మారినప్పుడు చెవి కూడా అప్రమత్తంగా ఉంటుంది. ముఖం మీది నుంచి చేతుల మీదికి కట్ పడడానికి అర సెకను ముందో తర్వాతో శబ్దం మారితే, లేదా మగ్గం దెబ్బ పడిన క్షణంలో మారితే, ఎవరికీ తెలియదు. ఇంకో జాగ్రత్త, మాట మీద కంప్రెసర్ వాడుతుంటే టోన్‌ను దాని గుండా పోనివ్వకూడదు. మాట రాగానే కంప్రెసర్ మొత్తం నొక్కుతుంది, మాట ఆగగానే వదులుతుంది, దాంతో ఇల్లు ఆయాసపడుతున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. టోన్ ట్రాక్ విడిగా నేరుగా వెళ్లాలి.

కుదిరిందా లేదా తెలుసుకోవడానికి బొమ్మ ఆపేసి, కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్స్‌తో మామూలు కన్నా కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో వినాలి. కొత్త మాట ఎక్కడ మొదలైందో వేలు ఎత్తి చూపగలిగితే ఇంకా పని ఉంది. తర్వాత టోన్ ట్రాక్‌ను మ్యూట్ చేసి చూడాలి. తేడా ఏమీ లేదంటే అది మరీ తక్కువగా ఉంది. టోన్ తిరిగి రావడం మీ దృష్టిని లాగిందంటే ఎక్కువైంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రమే విని తృప్తిపడితే పొరపాటే. ఆ చిన్న స్పీకర్‌లో టోన్ దాదాపు వినిపించదు, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అదే సినిమా టీవీలో పెట్టినప్పుడు గొయ్యి బయటపడుతుంది.

మన సినిమాలు దశాబ్దాల తరబడి లొకేషన్ మాటను పక్కన పెట్టి, మొత్తం డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించుకుంటూనే వచ్చాయి కదా, అక్కడ ఈ బాధ ఎందుకు కనిపించలేదని సందేహం రావచ్చు. అందులో ప్రతి మాటా స్టూడియోదే కాబట్టి పోల్చడానికి పక్కన లొకేషన్ మాట ఉండేది కాదు. పొలం, వీధి, ఇల్లు అన్నీ మిక్సింగ్‌లో కొత్తగా వేసినవే. 2001లో వచ్చిన ‘లగాన్’ లాంటి సినిమాలు లొకేషన్ మాటనే వాడుకున్నాయి. సగం అక్కడి మాట, సగం ఇక్కడి మాట కలిసే చిన్న డాక్యుమెంటరీలకు, యూట్యూబ్ చిత్రాలకు అసలు కష్టం ఆ అతుకు దగ్గరే.

డాక్యుమెంటరీ కాబట్టి ఒక హద్దు కూడా చెప్పాలి. పెద్దాయన ఆరోజు అన్నదే మళ్లీ చెప్పించవచ్చు. అనని మాటను ఇప్పుడు అనిపించి ఆ సన్నివేశంలోకి చేర్చడం తప్పు. కూలి గిట్టడం లేదని ఆరోజు ఆయన ఎంత గట్టిగా అన్నారో అంతే ఉండాలి. పెంచకూడదు, తగ్గించకూడదు. కొత్త మాట పెట్టిన సన్నివేశాన్ని ఆయనకు చూపించి సరేనంటేనే ఉంచాలి. పాడైన అసలు ఫైలును పారేయకుండా దాచుకోవాలి. వార్తకూ సాక్ష్యానికీ వాడే రికార్డింగు అయితే ఈ వ్యాసంలో చెప్పిన పనులేవీ దాని మీద చేయకూడదు. అక్కడ గరగరే వినిపించి కింద అక్షరాల్లో మాట వేయాలి.

మీరు తర్వాత ఎవరింట్లోనైనా కెమెరా పెడితే, ప్యాకప్ అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎవరినీ బయటికి పంపకండి, గదిలోని మనుషుల ఒళ్లు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఫ్యాన్ ఆపకండి, మాట్లాడినప్పుడు ఏవి తిరుగుతున్నాయో అవి తిరగనివ్వండి. మైకు మాట్లాడిన మనిషి ఒంటి మీదే ఉండనివ్వండి, రికార్డర్ గెయిన్ ముట్టుకోకండి. “ఇది పోచంపల్లి ఇంటి రూమ్ టోన్” అని మొదట్లో ఒకసారి చెప్పి, 60 సెకన్లు అందరూ కదలకుండా కూర్చోండి. కెమెరాలో తీసినా, విడి రికార్డర్‌లో తీసినా, ఆ ఫైలు పేరులో ఇల్లు, గది, తేదీ రాసి ఇంటర్వ్యూ ఫైళ్ల పక్కనే పెట్టుకోండి.